సిరంజిని నొక్కితే రంగు ముదురుతుందా, లేతబడుతుందా? సమతాస్థితి ప్రశ్న, కీ మీద అనుమానం

సిరి_ఎంపీసీ | శనివారం, సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీ వారాంతపు పరీక్షలో ఈ ప్రశ్న ఇచ్చారు.

మూసిన సిరంజిలో NO₂, N₂O₄ సమతాస్థితిలో ఉన్నాయి. ఉష్ణోగ్రత మారకుండా ముషలకాన్ని నొక్కి ఘనపరిమాణాన్ని సగం చేసి అలాగే పట్టుకున్నారు. కొంతసేపటి తర్వాత రంగు, మొదటి రంగుతో పోలిస్తే ఎలా ఉంటుంది? (1) ముదురుగా (2) లేతగా (3) అలాగే (4) రంగు పూర్తిగా పోతుంది.

N₂O₄కు రంగు లేదు. NO₂ది ఎరుపు కలిసిన గోధుమ రంగు. పీడనం పెరిగితే మోల్‌లు తక్కువున్న వైపు జరుగుతుంది కదా, అందుకని 2 పెట్టాను. కీలో కూడా 2 అనే ఉంది. మార్కు వచ్చింది. అయితే ఇంటికి వచ్చాక ఇదే ప్రయోగం వీడియోలో చూస్తే, నొక్కగానే ముదురు రంగు వచ్చి, తర్వాత కొంచెం తగ్గింది తప్ప మొదటి రంగుకు దిగనే లేదు. నాకు వచ్చిన మార్కు తప్పు మార్కేమోనని అనుమానంగా ఉంది.

---

ర్యాంకు_రాజా | 6:58

మార్కు వచ్చాక కూడా బాధపడే మనిషిని మొదటిసారి చూస్తున్నాను. కీ కరెక్టే. లే షాట్లియర్ సూత్రం ప్రకారం పీడనం పెంచితే వ్యవస్థ ఆ పీడనాన్ని తగ్గించే వైపు పోతుంది. రెండు NO₂లు కలిసి ఒక N₂O₄ అవుతాయి. NO₂ తగ్గింది కాబట్టి రంగు తగ్గుతుంది. వీడియోలో వెలుతురు సరిగా లేక అలా కనిపించి ఉంటుంది. ఎంసెట్‌కు ఈ మాత్రం చాలు, ముందుకు వెళ్లు.

---

నిమ్మసోడా | 7:15

మాది సోడా దుకాణం. దీని గురించి రోజూ చూసేదే చెబుతాను. సీసాలో గ్యాసు ఒత్తిడి ఎక్కువ పెడితే నీళ్లలో గ్యాసు ఎక్కువ కరుగుతుంది. గోలీ లోపలికి నొక్కగానే ఒత్తిడి పోయి బుస్సుమని పైకి వస్తుంది. ఎండాకాలం సీసా వేడెక్కితే ఇంకా ఎక్కువ పొంగుతుంది. మీరు అడిగేది ఇదే అనుకుంటాను. రంగు మాత్రం మా సోడాలో మారదు.

---

పాత_చాక్‌పీసు | 8:05

సోడా గారూ, మీరు చెప్పిందీ సమతాస్థితే. కాకపోతే సీసాలో గ్యాసు కరగడం, బయటపడడం జరుగుతుంది. ఈ అమ్మాయి ప్రశ్నలో ఒక పదార్థం విడిపోయి మరొకటి అవుతుంది.

సిరీ, నీ అనుమానం సరైనదే అమ్మా. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను. ఇలాంటి చోట మాటలతో వాదిస్తే తెమలదు, లెక్క వేస్తే తేలిపోతుంది. 25 డిగ్రీల దగ్గర N₂O₄ ⇌ 2NO₂ చర్యకు Kp సుమారు 0.15, పీడనాలను బార్‌లలో తీసుకుంటే. సిరంజిలో ఎక్కువ భాగం గాలే అనుకుందాం. అందులో NO₂ పాక్షిక పీడనం 0.15, N₂O₄ది కూడా 0.15 ఉన్నాయనుకో. 0.15 వర్గాన్ని 0.15తో భాగిస్తే 0.15. సమతాస్థితి కుదిరింది.

ఇప్పుడు 50 మిల్లీలీటర్లను 25కు నొక్కాం. ఆ క్షణాన చర్య ఇంకా మొదలుకాలేదనుకుంటే రెండూ రెట్టింపై 0.30, 0.30 అవుతాయి. ఇప్పుడు 0.30 వర్గాన్ని 0.30తో భాగిస్తే 0.30. ఉండవలసినది 0.15, ఉన్నది దానికి రెట్టింపు. కనుక కొంత NO₂ జతకట్టి N₂O₄గా మారాలి. N₂O₄ y పెరిగితే NO₂ 2y తగ్గుతుంది:

(0.30 − 2y)² = 0.15 × (0.30 + y)

సాధిస్తే y = 0.0375. అంటే NO₂ 0.225 దగ్గర, N₂O₄ 0.3375 దగ్గర ఆగుతాయి. సరిచూసుకో, 0.225 వర్గం 0.050625, దాన్ని 0.3375తో భాగిస్తే మళ్లీ 0.15.

ఇక NO₂ ప్రయాణం ఒక్కదాన్నే చూడు. 0.15 నుంచి 0.30కి ఎగిరి, 0.225కు దిగింది. నీ వీడియోలో కనిపించింది అదే. దిగింది నిజమే, మొదటి చోటికి మాత్రం దిగలేదు. జవాబు 1.

---

ర్యాంకు_రాజా | 8:21

సార్, అప్పుడు సూత్రం తప్పినట్టు కదా? చర్య N₂O₄ వైపు జరిగింది అంటున్నారు, NO₂ పెరిగింది అనీ అంటున్నారు. ఒకవేళ పీడనం వల్ల K విలువే మారిందేమో.

---

పాత_చాక్‌పీసు | 8:50

K మారలేదు. చివర కూడా 0.15 వచ్చింది, చూశావు కదా. ఉష్ణోగ్రత మారితే తప్ప అది కదలదు.

నీ చిక్కు వేరే చోట ఉంది బాబూ. NO₂ ఎంత ఉంది అనేది ఒక ప్రశ్న, ఎంత దట్టంగా ఉంది అనేది మరొక ప్రశ్న. సిరంజి పూర్తి ఘనపరిమాణంలో ఉన్నప్పుడు NO₂ అణువులు 100 అనుకో. నొక్కి పట్టుకున్న తర్వాత పీడనం 0.15 నుంచి 0.225కు, అంటే ఒకటిన్నర రెట్లు అయింది. చోటు సగమైంది. ఒకటిన్నరను రెండుతో భాగిస్తే ముప్పావు. అణువులు 75 మిగిలాయి. పాతిక అణువులు నిజంగానే జతకట్టి పోయాయి, సూత్రం తప్పలేదు. మిగిలిన 75 సగం చోటులో ఇరుక్కున్నాయి కనుక మునుపటికంటే దట్టంగా ఉన్నాయి.

‘వ్యతిరేకిస్తుంది’ అన్న మాట విద్యార్థుల చెవిలో ‘రద్దు చేస్తుంది’ అని పడుతుంది. ఇక్కడ ఆ రెండు వాయువుల పీడనం కలిపి 0.30 ఉండేది, నొక్కితే 0.60 అయింది, చివరికి 0.5625 దగ్గర నిలిచింది. అంతే తగ్గింది.

ఎందుకు ఆ వైపే జరగాలి అంటావేమో. రెండు NO₂లు ఒకదానికొకటి ఢీకొంటేనే N₂O₄ అవుతుంది. రెండిటి గాఢతా రెట్టింపయితే ఆ వేగం నాలుగు రెట్లవుతుంది. N₂O₄ మాత్రం తనంతట తాను విడిపోతుంది, దాని వేగం రెండు రెట్లే. నాలుగుకు రెండు పోటీ. జతకట్టేవే కాసేపు గెలుస్తాయి. H₂ + I₂ ⇌ 2HI లో రెండు వైపులా నాలుగు రెట్లే కనుక ఎంత నొక్కినా జరగదు.

---

సిరి_ఎంపీసీ | 9:10

సార్, 75 అణువుల మాట చాలా బాగా అర్థమైంది. ధన్యవాదాలు. అంటే నేను మార్కు తిరిగి ఇచ్చేయాలా?

---

ప్రయోగశాల_మేడమ్ | 9:48

ఆగమ్మా, అంత తొందర వద్దు. చాక్‌పీసు సార్ లెక్కలో తప్పు లేదు. ‘జవాబు 1’ అన్న చోట మాత్రం నాకు చిన్న పేచీ ఉంది. సిరంజిని ఎక్కడి నుంచి చూస్తున్నారు?

పక్క నుంచి చూస్తే కాంతి సిరంజి అడ్డుకొలతను దాటి వస్తుంది. నొక్కినా ఆ కొలత మారదు. లోపల వాయువు ఒకటిన్నర రెట్లు దట్టమైంది, కనుక ముదురుగానే కనిపిస్తుంది. ముక్కు వైపు నుంచి సిరంజి పొడవునా చూస్తే? కాంతి దాటే దూరం సగమైంది. దారిలో తగిలే NO₂ అణువులు ఒకటిన్నరలో సగం, అంటే ముప్పావు వంతే. ఆ వైపు నుంచి నిజంగానే లేతగా కనిపిస్తుంది! నొక్కిన క్షణాన ఆ దిశలో రంగు మారదు, తర్వాత లేతబడుతుంది. సార్ చెప్పిన 100, 75 అణువులు కంటికి కనిపించే దిక్కు అదే.

అసలు ముషలకంతో వచ్చే రెండు మార్పుల్లో, కేవలం కుదించడం వల్ల వచ్చినదాన్ని తీసేసి, చర్య వల్ల వచ్చినదాన్ని మాత్రమే చూడాలంటే పొడవునా చూడడమే పద్ధతి. ప్రశ్న రాసినవారు ఇంత ఆలోచించారని నేను అనను.

---

పాత_చాక్‌పీసు | 10:02

మేడమ్, ఒప్పుకున్నాను. ఇన్నేళ్లలో సిరంజిని ముక్కు వైపు నుంచి చూడాలని నాకు తోచలేదు. బోర్డు మీద బొమ్మ గీసేవాడికి ఎప్పుడూ పక్కవాటు బొమ్మే కనిపిస్తుంది.

---

ప్రయోగశాల_మేడమ్ | 10:20

నాకూ సిరంజితో తెలియలేదు సార్. NO₂ విషవాయువు, మా బడిలో పిల్లల చేతికి ఇవ్వను, ఇంట్లో ఎవరూ ప్రయత్నించవద్దు. ఫెర్రిక్ క్లోరైడు, పొటాషియం థయోసయనేట్ ప్రయోగంలో తెలిసింది. రెండూ కలిస్తే ఎర్రటి సంక్లిష్ట అయాన్ వస్తుంది. గాఢత గురించి రికార్డులో అందరూ రాసేది ఒకటే, ఫెర్రిక్ లవణం ఇంకాస్త వేస్తే ఎరుపు పెరుగుతుందని. అది సరే. ఒకసారి ఒక పిల్లవాడు నీళ్లు పోసి, రంగు తగ్గింది కనుక చర్య వెనక్కి జరిగిందని రాశాడు. ‘నీళ్లు పోస్తే రస్నా కూడా లేతబడుతుంది, అందులో ఏ చర్య వెనక్కి పోయింది?’ అని అడిగాను. వాడి దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆలోచిస్తే నా దగ్గరా లేదు.

మర్నాడు సమతలమైన అడుగున్న రెండు సన్నని సీసాలు తీసుకుని, చుట్టూ నల్ల కాగితం చుట్టి, తెల్ల కాగితం మీద నిలబెట్టి, పై నుంచి చూశాం. రెండింటిలోనూ ఒకే ఎర్రని ద్రావణం, ఒకే ఎత్తు. ఒకదానిలో అంతే నీరు పోశాం. ఎత్తు రెట్టింపయింది, గాఢత సగమైంది. కేవలం పలచబడితే పై నుంచి రంగు అలాగే ఉండాలి, ఎందుకంటే చూపు దారిలో ఎర్రని అయాన్లు అన్నే ఉంటాయి. రస్నాతో అలాగే ఉంది. థయోసయనేట్ సీసా మాత్రం పై నుంచి కూడా లేతబడింది. అంటే కొన్ని ఎర్రని అయాన్లు నిజంగా విడిపోయాయి. నీళ్లు పోయడమంటే అన్ని గాఢతలనూ ఒకేసారి సగం చేయడం, సిరంజిని వెనక్కి లాగినట్టే. కణాలు ఎక్కువున్న వైపు జరుగుతుంది.

ఒక జాగ్రత్త. మామూలు నీళ్లు పోస్తే ఫెర్రిక్ అయాన్ నీటితో చర్య జరిపి పసుపు ఛాయ తెస్తుంది. మొదటి ద్రావణంలో ఉన్నంత నత్రికామ్లం కలిపిన నీళ్లు పోయాలి.

---

ర్యాంకు_రాజా | 10:41

ఇది నచ్చింది. ఇంకొక ప్రశ్న. సిరంజిలో ఎక్కువ భాగం గాలే అన్నారు. ఆ గాలినే ఇంకా ఎక్కించి పీడనం పెంచితే కూడా N₂O₄ వైపే జరగాలి కదా? పీడనం పీడనమే.

---

యూరియా_బాబాయ్ | 11:15

దీనికి నేను చెబుతాను. ఎరువుల కర్మాగారంలో అమ్మోనియా విభాగంలో షిఫ్టులు చేసి రిటైరయ్యాను.

సిరంజిని బిగించి గాలి ఎక్కిస్తే ఏమీ జరగదు నాయనా. మాస్టారి లెక్కలో గాలి ఎక్కడైనా కనిపించిందా? NO₂ పీడనం, N₂O₄ పీడనం అవే ఉంటాయి, భాగిస్తే అదే 0.15. మీటరులో ముల్లు మాత్రం లేస్తుంది. అదే ముషలకాన్ని వదిలేసి, మొత్తం పీడనం పెరగకుండా గాలి ఎక్కిస్తే కథ వేరు. గాలికి చోటివ్వడానికి ముషలకం వెనక్కి జరుగుతుంది, ఆ రెండూ పలచబడతాయి, N₂O₄ విడిపోతుంది. నువ్వు అన్నదానికి ఎదురు దిక్కు.

మాకు ఇది రోజూ ఉండే తలనొప్పి. నత్రజని గాలి నుంచి వస్తుంది, దానితో ఆర్గాన్ వస్తుంది. హైడ్రోజన్ వైపు నుంచి మిగిలిన మీథేన్ వస్తుంది. ఈ రెండూ చర్యలో పాల్గొనవు. కన్వర్టర్‌లో ఒక్కసారి వెళితే కొంత భాగమే అమ్మోనియా అవుతుంది. దాన్ని చల్లబరచి ద్రవంగా తీసేసి మిగిలిన వాయువును మళ్లీ తిప్పి పంపుతాం. అలా తిరిగే కొద్దీ ఆర్గాన్, మీథేన్ పేరుకుపోతాయి. మొత్తం పీడనం అంతే, అందులో నత్రజని, హైడ్రోజన్ల వాటా తగ్గిపోతుంది. దిగుబడి పడిపోతుంది. అందుకని కొంత వాయువును ఎప్పుడూ బయటికి వదలాలి. వదిలితే మంచి హైడ్రోజన్ కూడా దానితో పోతుంది. ఎంత వదలాలి అన్నదాని మీద షిఫ్టు మారినప్పుడల్లా వాదనే.

---

సిరి_ఎంపీసీ | 11:28

బాబాయ్ గారూ, అమ్మోనియా చర్య ఉష్ణమోచకం కదా. ఉష్ణోగ్రత తక్కువ ఉంటే దిగుబడి ఎక్కువ అని రాస్తాం, మళ్లీ 450 డిగ్రీలు అని రాస్తాం. ఈ రెండూ పక్కపక్కనే రాస్తుంటే నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది.

---

యూరియా_బాబాయ్ | 11:52

రెండూ నిజమే తల్లీ. చల్లగా ఉంటే ఎంత వరకు జరగవచ్చు అన్న హద్దు దూరంగా ఉంటుంది, అక్కడికి చేరే వేగం ఉండదు. ఇనుము ఉత్ప్రేరకం పని చేయాలంటే ఆ వేడి కావాలి. ఉత్ప్రేరకం హద్దును మార్చదు, తొందరగా చేరుస్తుంది.

కన్వర్టర్ లోపల ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఉత్ప్రేరకం పొరలు పొరలుగా ఉంటుంది. వాయువు మొదటి పొర దాటేసరికి చర్య వదిలిన వేడికి తానే వేడెక్కుతుంది, ఆ వేడికి హద్దు దగ్గరికి వచ్చేస్తుంది, చర్య తనను తానే కట్టేసుకుంటుంది. అందుకని మధ్యలో చల్లని వాయువు కలిపి వేడి దించి, తర్వాతి పొరకు పంపుతాం. ఒకసారి చల్లని వాయువు కాస్త ఎక్కువైంది. హద్దు దూరమైంది కనుక దిగుబడి పెరగాలి కదా అంటావు. పెరగలేదు, చర్యే ఆరిపోయింది. పొయ్యి మీద నీళ్లు చల్లినట్టయింది. మళ్లీ వేడెక్కించి దారిలో పెట్టడానికి పొద్దుపోయింది.

---

పాత_చాక్‌పీసు | ఆదివారం, ఉదయం 6:30

ఉష్ణోగ్రత గురించి ఒక్క మాట చేరుస్తాను. N₂O₄ విడిపోవడానికి మోల్‌కు సుమారు 57 కిలోజౌళ్లు కావాలి. అందుకే 25 డిగ్రీల దగ్గర 0.15 ఉన్న Kp, సున్నా డిగ్రీల దగ్గర 0.02 లోపుకు పడిపోతుంది, 60 దగ్గర ఒకటిన్నర దాటుతుంది. పీడనం, గాఢత మార్చినప్పుడు K గుంజ లాగా పాతేసి ఉంటుంది, మిగతావి దాని చుట్టూ సర్దుకుంటాయి. వేడి మారితే గుంజే కదులుతుంది.

వేడి చేస్తే పురోగామి చర్య వేగం పెరిగి, తిరోగామి చర్య వేగం తగ్గుతుందని కొందరు రాస్తారు. రెండూ పెరుగుతాయి. వేడిని తీసుకునేది ఎక్కువగా పెరుగుతుంది.

---

ప్రయోగశాల_మేడమ్ | ఉదయం 8:10

సార్, మీరు వేడి సంగతి ఎత్తారు కనుక నన్ను చాలాకాలంగా తొలుస్తున్నది అడుగుతాను. సిరి చూసిన వీడియోలో ముదురు రంగు ఒకటి రెండు సెకన్లలో తగ్గి ఉంటుంది. N₂O₄ విడిపోవడం, జతకట్టడం మామూలు పీడనంలో మైక్రోసెకన్లలో సర్దుకుంటాయి. చేతితో ముషలకాన్ని నొక్కే వేగం దాని ముందు నత్తనడక. అంటే మీరు చెప్పిన 0.30 అనే మెట్టును ఎవరి కన్నూ చూడలేదు. నొక్కుతుండగానే చర్య జరిగిపోతూ ఉంటుంది.

---

పాత_చాక్‌పీసు | 8:35

మరి కళ్ల ముందు మెల్లగా తగ్గుతున్నది ఏమిటి?

---

ప్రయోగశాల_మేడమ్ | 8:52

వేడి అని నా అనుమానం. గబుక్కున నొక్కితే వాయువు వేడెక్కుతుంది, సైకిలు పంపు కింద చెయ్యి పెడితే తెలుస్తుంది కదా. పైగా NO₂ జతకట్టినప్పుడు కూడా వేడి వస్తుంది. వేడిగా ఉన్నంతసేపు K ఎక్కువ, రంగు ముదురు. సిరంజి గోడలకు ఆ వేడి పోయే కొద్దీ రంగు తగ్గుతుంది. ప్రశ్నలో ‘ఉష్ణోగ్రత మారకుండా’ అన్నారు కానీ వీడియోలో మనిషి అలా నొక్కలేదు.

---

పాత_చాక్‌పీసు | 9:05

ఉండవచ్చు. అయితే మొదటి ముదురులో కుదింపు వాటా ఎంత, వేడి వాటా ఎంత అన్నది మీరు విడదీయలేదు. చాలా నెమ్మదిగా నొక్కినా ముదిరి తగ్గుతుందా, లేక తిన్నగా వెళ్లి చివరి రంగు దగ్గర ఆగుతుందా అన్నది చూస్తే తప్ప నేను పూర్తిగా ఒప్పుకోను.

---

నిమ్మసోడా | 9:20

మా సోడా మెషిన్‌లో గ్యాసు కొట్టినప్పుడు కూడా సీసా కాస్త వెచ్చబడుతుంది. మేడమ్ గారి మాటే నాకు నమ్మకంగా ఉంది.

---

ర్యాంకు_రాజా | 9:31

అన్నీ బాగున్నాయి. పరీక్షలో ఏది గుర్తించాలి?

---

పాత_చాక్‌పీసు | 9:50

ప్రశ్నలో ‘NO₂ మోల్‌లు’ అని అడిగితే తగ్గుతాయి. ‘NO₂ గాఢత’ అని అడిగితే మొదటికంటే పెరుగుతుంది. ‘రంగు’ అని మాత్రమే అంటే, పక్క నుంచి చూస్తున్నట్టే తీసుకుని ‘ముదురు’ అని గుర్తిస్తాను. వివరించి రాసే ప్రశ్న అయితే, ముందు ముదిరి తర్వాత కొంత తగ్గుతుందనీ, మొదటి రంగుకు రాదనీ రాయండి. దిద్దేవారు ఏ కీతో దిద్దుతారో నా చేతిలో లేదు.

---

సిరి_ఎంపీసీ | సోమవారం, సాయంత్రం 5:55

ఈ రోజు మా సార్‌కు 0.15, 0.30, 0.225 లెక్క చూపించాను. కాసేపు చూసి, కీ ఎక్కడి నుంచి తీసుకున్నారో ఆ పుస్తకం తెరిచారు. అందులో ‘రంగు తగ్గుతుంది’ అని ఉంది, దేనితో పోలిస్తే అన్నది లేదు. మార్కు ఎవరికీ మార్చబోమన్నారు. ల్యాబ్‌లో థయోసయనేట్ మాత్రం ఇప్పించారు. సమతల అడుగున్న సీసాలు దొరకలేదు, రెండు చిన్న గాజు గ్లాసులతో చేశాం. నల్ల కాగితం చుట్టి పై నుంచి చూస్తే నీళ్లు పోసిన గ్లాసు లేతగానే ఉంది, కానీ కొంచెం పసుపుగా కూడా ఉంది. నత్రికామ్లం కలపడం మరిచిపోయాం మేడమ్. రేపు మళ్లీ చేస్తాం.